‘ఇంట్ల అన్నీ వస్తయి, పేపర్ చూడంగనే పోతయి’: పదో తరగతి సెక్షన్‌లో పరీక్ష ఒత్తిడి పాఠం

ఇది హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, పదో తరగతి ఒకే సెక్షన్‌తో బయటి నుంచి వెళ్ళి మేం డిసెంబరు నుంచి ఫలితాల దాకా నడిపిన జీవన నైపుణ్యాల పాఠం కేసు. బడి ఏదో, ఏ ఏడాదో చెప్పడం లేదు. పిల్లల గురించి గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. మొదటి పాఠం విఫలమైంది. ఎందుకు విఫలమైందో తెలిశాకే రెండోది నిలబడింది కాబట్టి, రెండూ ఇక్కడ ఉన్నాయి.

నేపథ్యం, వచ్చిన సమస్య

సెక్షన్‌లో 36 మంది. చాలామందివి ఒకటి రెండు గదుల ఇళ్ళు. తల్లిదండ్రుల్లో ఆటో నడిపేవాళ్ళు, టైలరింగ్ చేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌లు, ఇళ్ళలో పనిచేసే తల్లులు ఉన్నారు. డిసెంబరు వచ్చేసరికి బడికి ముందో గంట, తర్వాతో గంట స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి. రోజూ ఏదో ఒక సబ్జెక్టులో స్లిప్ టెస్ట్. ఫిబ్రవరిలో ప్రీ-ఫైనల్, మార్చిలో పబ్లిక్.

మొదటి సమ్మెటివ్ పరీక్ష, అంటే ఎస్‌ఏ-1, గణితం రోజున ముగ్గురు గంట తిరక్కముందే పేపరిచ్చి బయటికి వెళ్ళిపోయారు. ఒకమ్మాయి హాల్లోకి వెళ్ళే ముందు వాంతి చేసుకుంది. ఆ తర్వాత స్లిప్ టెస్ట్ ఉన్న పూటల్లో గైర్హాజరు పెరిగింది. క్లాస్ టీచర్ అడిగింది ఒక్కటే మాట: ‘పిల్లలు బాగా పరేషాన్ అయితున్నరు, జర వచ్చి ధైర్యం చెప్పండి.’

ఈ అడగడంలోనే ఒక చిక్కుంది, అప్పుడు దాన్ని పట్టుకోలేదు. ధైర్యం చెప్పమన్నారంటే పిల్లల్లో లేనిది ధైర్యమేనని ముందే తేల్చేశారన్నమాట. మొదటి పాఠం ఆ తీర్పు మీదే తయారైంది.

మొదటి పాఠం: పిల్లలకు నచ్చింది, పనిచేయలేదు

రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు తీసుకున్నాం. ఒత్తిడి అంటే ఏమిటో 15 నిమిషాల మాట. చార్టు మీద మనిషి బొమ్మ గీసి, భయమేసినప్పుడు ఒంట్లో ఎక్కడ ఏమవుతుందో రంగులతో గుర్తుపెట్టడానికి 20 నిమిషాలు. కళ్ళు మూసుకుని దీర్ఘ శ్వాస 15 నిమిషాలు. సొంత టైంటేబుల్ తయారీకి 20 నిమిషాలు. మిగిలిన పది నిమిషాల్లో అందరూ కలిసి ఒక ప్రతిజ్ఞ. పిల్లలు చప్పట్లు కొట్టారు, టీచర్లు సంతోషించారు. మూడు వారాల తర్వాత జరిగిన గ్రాండ్ టెస్టులో ఎస్‌ఏ-1 నాటి దృశ్యమే మళ్ళీ కనబడింది. అదే ముగ్గురు, వాళ్ళతో ఇంకో ఇద్దరు, ముందే లేచారు.

పిల్లలతో విడివిడిగా మాట్లాడితే మూడు లోపాలు బయటపడ్డాయి. మొదటిది టైంటేబుల్. తెల్లవారుజామున నాలుగింటికి లేచేలా అందంగా గీసుకున్నారు, నాలుగో రోజు దాటి ఎవరూ నడపలేదు. రాత్రి పదకొండు దాకా టీవీ నడిచే ఒకే గదిలో పడుకునే పిల్లవాడు నాలుగింటికి లేచి చదవాలంటే నిద్ర ఐదు గంటలకు పడిపోతుంది. ఈ వయసుకు కావలసింది ఎనిమిది నుంచి పది గంటలు. నిద్ర తెగితే చదివింది గుర్తుండటం దెబ్బతింటుంది. టైంటేబుల్ ఆగిపోవడం ఒక రకంగా మేలే. అయితే ఆగిపోయినందుకు పిల్లలు తమనే తిట్టుకున్నారు, ఒత్తిడికి అదొకటి తోడైంది.

రెండోది శ్వాస. ‘గట్టిగా, లోతుగా గాలి పీల్చండి’ అన్నాం. ఆ మాటే తప్పు. భయంలో ఉన్నవాడు అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటాడు. ఇంకా పెద్ద పెద్ద శ్వాసలు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇంకా గాలి చాలడం లేదనిపిస్తుంది. గ్రాండ్ టెస్టులో ఒక అబ్బాయికి సరిగ్గా ఇదే జరిగింది. ‘మీరు చెప్పింది చేస్తే ఇంకెక్కువైంది సార్’ అన్నాడు. పైగా నేర్పింది కళ్ళు మూయించి, ఫ్యాన్ కింద, మెత్తటి గొంతుతో. పరీక్ష హాల్లో అవేవీ ఉండవు. ప్రశాంతంగా ఉన్నప్పుడు నేర్చింది దడలో ఉన్నప్పుడు చేతికి అందాలంటే, కాస్త దడలోనే సాధన చేయించాలి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ‘ఎవరెవరికి ఒత్తిడి ఉంది, చెయ్యెత్తండి’ అని నలుగురిలో అడిగాం. వెనక బెంచీ అబ్బాయిలు నవ్వారు, ఆరేడు చేతులు లేచాయి. 36 మందికీ ఒకే మందు ఇచ్చేశాం, జబ్బు ఒకటేనా అని చూడలేదు.

చీటీలు, నాలుగు కుప్పలు

జనవరి మొదటి వారంలో మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి చీటీలతో. సగం కాగితం మీద మూడు అసంపూర్ణ వాక్యాలు: ‘పేపర్ చేతికి రాగానే నాకు…’, ‘చదవడానికి కూర్చుంటే…’, ‘పరీక్ష రోజు ఇంటికి పోగానే మొదట వినే మాట…’. పేరు రాయొద్దన్నాం. ఎనిమిది నిమిషాలిచ్చాం. ఒత్తిడి అన్న మాట ఎక్కడా వాడలేదు. వాడితే పిల్లలు పాఠంలో విన్న జవాబే రాస్తారు, వాడకపోతే జరిగింది రాస్తారు.

36 చీటీలూ నాలుగు కుప్పలయ్యాయి. పదకొండు మంది అసలు చదవలేదు లేదా చదవడానికి చోటు దొరకలేదు. వాళ్ళ భయానికి కారణం కళ్ళెదుటే ఉంది, దానికి శ్వాస వ్యాయామం చెప్పడం అర్థంలేని పని. ఎనిమిది మందివి ఇంటి మాటలు: పక్కింటి పిల్లతో పోలిక, ‘ఫెయిలైతే పనిల పెడత’ అన్న బెదిరింపు. పధ్నాలుగు మందివి దాదాపు ఒకే వాక్యం. ‘ఇంట్ల అన్నీ వస్తయి, పేపర్ చూడంగనే పోతయి.’ ముందే లేచిపోయిన ఐదుగురిలో కనీసం నలుగురు ఈ కుప్పలోనే ఉన్నారని తర్వాత తెలిసింది. మిగిలినవి మూడు. వాటిలో రెండు ఖాళీ. మూడోదాంట్లో బతకాలని లేదన్న అర్థం వచ్చే ఒక వాక్యం ఉంది.

ఆ చీటీ మీద పేరు లేదు. పేరు లేకుండా రాయమన్నది మేమే. చేతిరాత పోల్చి పట్టుకోవచ్చు కదా అని ఒక టీచర్ అన్నారు. అలా చేస్తే ఆ బిడ్డ మళ్ళీ ఎవరితోనూ నోరు విప్పదు, మిగతా 35 మందికీ మా మాట మీద నమ్మకం పోతుంది. అలాగని ఊరుకోవడానికీ లేదు. చివరికి తీసుకున్న నిర్ణయం ఇది: మర్నాడే, చీటీ సంగతి ఎత్తకుండా, సెక్షన్‌లో ప్రతి ఒక్కరితో ఐదేసి నిమిషాలు సైన్స్ ల్యాబ్‌లో విడిగా మాట్లాడటం. అందరినీ పిలిస్తే ఎవరూ వేరుగా కనిపించరు. నిద్ర, తిండి, ఇల్లు అడిగాక అందరినీ ఒకే ప్రశ్న సూటిగా అడిగాం: ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది పెద్దలు భయపడతారు. అలా జరగదు. అడగకపోతే చెప్పుకునే దారే మూసుకుపోతుంది.

రాసిన బిడ్డ తానే చెప్పింది. ఆ రోజు ఒంటరిగా ఇంటికి పంపలేదు. హెడ్‌మాస్టర్ ఉండగా తల్లిని పిలిపించి మాట్లాడి, ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి చీటీ రాసిచ్చి, తోడు వెళ్ళాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 తల్లి ఫోన్‌లో వేయించాం, తెలుగులోనే మాట్లాడొచ్చని చెప్పాం. ఆ పై చికిత్స డాక్టర్లది, అది ఈ కేసులోకి రాదు. పాఠం తయారుచేసేవాళ్ళు తీసుకోవలసింది మాత్రం ఉంది. ఆ తర్వాత నుంచి చీటీల మీద పేరు బదులు ఒక అంకె వేయిస్తున్నాం, ఏ అంకె ఎవరిదో ఒక్క కౌన్సెలర్ దగ్గరే ఉంటుంది. రాయించే ముందే చెబుతాం: ‘ఇది ఎవరికీ చూపించం. ఎవరి ప్రాణానికైనా ముప్పుందనిపిస్తే మాత్రం వాళ్ళతో మాట్లాడతాం.’ ఈ ఒక్క మాటకు చీటీల్లో నిజాయితీ తగ్గుతుందేమో అనుకున్నాం, తగ్గలేదు.

‘అన్నీ వస్తయి’ అంటే ఏమిటి

విడిగా మాట్లాడాక ఎవరిది ఏ కుప్పో తెలిసింది. పధ్నాలుగు మంది కుప్ప మీదే ఎక్కువ పనిచేశాం. వాళ్ళు ఎలా చదువుతారో పక్కన కూర్చుని చూస్తే ఒకటే పద్ధతి. గైడు తెరిచి, జవాబు మీద స్కెచ్ పెన్‌తో గీతలు పెట్టుకుంటూ, పైకి మూడు నాలుగుసార్లు చదవడం. నాలుగోసారికి వాక్యం నోటికి తగులుతుంది, ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. అది గుర్తుపట్టడం. పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ అదే గుర్తుండటంలా అనిపిస్తుంది. పుస్తకం లేకుండా తలలోంచి తీయడం అన్న పనిని ఈ పిల్లలు మొదటిసారి చేసేది పరీక్ష హాల్లోనే. తొలిసారి చేసే పని తడబడుతుంది. తడబడగానే ‘పోయింది, అయిపోయింది’ అన్న మాట లోపల మొదలవుతుంది. లెక్క చేయడానికి కావలసిన ధ్యాసలో సగం ఆ మాటే తినేస్తుంది. కాబట్టి ఇక్కడ భయానికీ చదివే పద్ధతికీ మధ్య గోడ లేదు.

దీనికి పెట్టిన కృత్యానికి పిల్లలే ‘మూసిన పుస్తకం’ అని పేరు పెట్టారు. మొత్తం 15 నిమిషాలు. ముందు, చదవబోయే పేజీలో పది అంశాలుంటే ఎన్ని గుర్తుంటాయో అంచనా వేసి కాగితం మూలన అంకె రాయాలి. ఆరు నిమిషాలు చదవాలి. పుస్తకం మూసి సంచిలో పెట్టి, ఐదు నిమిషాలు గుర్తున్నదంతా రాయాలి, వరస తప్పినా ఫర్వాలేదు. మిగిలిన నాలుగు నిమిషాల్లో పుస్తకం తెరిచి, తప్పిపోయినవి ఎర్ర పెన్‌తో చేర్చాలి. అదే పేజీ మర్నాడు, ఆ తర్వాత ఒక రోజు వదిలి మళ్ళీ చేయాలి. రెండోసారి నుంచి మొదటి చదువు ఉండదు, నేరుగా రాయడమే.

ఒక అమ్మాయి కాగితాలు చూద్దాం, ఆమెను ‘ర’ అందాం. ముందే లేచిపోయినవాళ్ళలో ఒకరు. పేజీ, జీవశాస్త్రంలో గుండె నిర్మాణం. పది పేర్లు: రెండు కర్ణికలు, రెండు జఠరికలు, వాటి మధ్య రెండు కవాటాలు, బృహద్ధమని, పుపుస ధమని, పుపుస సిర, హృదయావరణ త్వచం. మూలన ‘8’ అని రాసింది. ఐదు నిమిషాల్లో రాసింది నాలుగే, గదుల పేర్లు. కాగితం బోర్లించి, ‘చూసిన్రా సార్, నాకు రాదు’ అంది.

ఈ కృత్యంలో అతి సున్నితమైన ఘడియ ఇదే. ఎనిమిదికీ నాలుగుకూ ఉన్న తేడా చూపించి ఆపేస్తే భయాన్ని పెంచినట్టే. అందుకే తొలిరోజు అంకె మీద ఏమీ మాట్లాడం. ‘ఇది రేపటి కాగితంతో పోల్చడానికి’ అని మాత్రం చెబుతాం. మర్నాడు ఆమెకు ఆరు వచ్చాయి, కవాటాలు చేరాయి. ఒక రోజు వదిలి చేసినప్పుడు తొమ్మిది. ఆ తొమ్మిదిలోనూ పుపుస ధమని, పుపుస సిర తారుమారు. ధమని అంటే మంచి రక్తమని బట్టీ పట్టినవాళ్ళందరూ ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే పుపుస ధమని చెడు రక్తాన్నే ఊపిరితిత్తులకు తీసుకెళ్తుంది. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే, ‘పోతయి’ అనుకున్నది పోలేదని, అంతకుముందు లోపలికి వెళ్ళనే లేదని ఆమెకే కనబడింది. మా నోటితో పదిసార్లు చెప్పినా ఆ మాట అంతగా ఎక్కేది కాదు.

చెడిపోయిన చోట్లూ ఉన్నాయి. రెండో వారంలో ఒక సబ్జెక్టు టీచర్, మంచి ఉద్దేశంతోనే, ఆ కాగితాలు తీసుకుని మార్కులు వేశారు. మర్నాటి నుంచి పిల్లలు పుస్తకం ఓరగా తెరిచి చూసి రాయడం మొదలుపెట్టారు, అంకెలన్నీ తొమ్మిది, పది. తప్పు రాయడానికి వీలున్నంతవరకే ఆ కాగితం పనికొస్తుంది. కాగితం పిల్లల సంచిలోకే వెళ్ళాలి, టీచర్ చేతికి రాకూడదు అన్న నియమం అప్పుడు పెట్టాం. గణితానికి ఇది ఇలాగే నడవదు. అక్కడ సూత్రం రాయడం ఒక్కటీ చాలదు, చేసిన లెక్కనే అంకెలు మార్చి, పుస్తకం మూసి చేయాలి.

హాల్లో మొదటి పది నిమిషాలు

రెండో కృత్యం, పేపర్ చేతికొచ్చిన క్షణం నుంచి పది నిమిషాల రిహార్సల్. మూడు గంటల పరీక్షలో ఈ పదే ఎందుకంటే, లేచి వెళ్ళిపోయిన ఐదుగురూ తాము దెబ్బతిన్నది అక్కడేనని చెప్పారు. మొదటి ప్రశ్న రాలేదు, రెండోదీ రాలేదు, మూడోది చదవనే లేదు.

దీన్ని తరగతి గదిలో చేయలేదు. పై అంతస్తులో వేరే గది తీసుకుని, బెంచీకి ఒకరిని కూర్చోబెట్టి, పిల్లలకు పరిచయం లేని టీచర్‌ను ఇన్విజిలేటర్‌గా నిలబెట్టి, బెల్ కొట్టించి, పాత ప్రశ్నపత్రాలు పంచాం. దానికి ముందు ఇంకో పని: అందరూ నిలబడి ఒక నిమిషం ఉన్నచోటే పరుగు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళను ముందే అడిగి పక్కన పెట్టాం. గుండె దడదడలాడుతుండగా కూర్చుని, తెలిసిన కటక సూత్రం 1/f = 1/v − 1/u రాయాలి. అందరూ రాశారు. దడ ఉన్నా చెయ్యి రాస్తుందని ఒంటికి తెలియడం కోసమే ఈ పరుగు. అంతకుముందు పిల్లలకు దడ అంటే ‘ఇక రాయలేను’ అనడానికి గుర్తు.

రిహార్సల్‌లో వరస ఇలా ఉంటుంది. హాల్‌టికెట్ నంబరు వేశాక పెన్ను కింద పెట్టాలి. రెండు పాదాలూ నేలకు ఆనించి, మామూలు శ్వాస నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, మూడుసార్లు. అంతా కలిపి అర నిమిషం. కళ్ళు తెరిచే ఉండాలి, గాలి ముక్కుతోనే, పక్కవాడికి తెలియకూడదు. పొడుగ్గా ఉండాల్సింది వదిలే శ్వాస. తర్వాత పేపరంతా ఒకసారి చదివి, ఖాయంగా వచ్చే రెండు ప్రశ్నలు ఎంచుకుని, వాటిలో చిన్నదాంతో మొదలుపెట్టాలి. మధ్యలో ఆగిపోతే రెండు నిమిషాలు మించి దాని మీద కూర్చోకుండా, జవాబుకు చోటు వదిలి ముందుకు పోవాలి.

మొదట మేం వచ్చిన ప్రశ్నలకు టిక్కు, సగం వచ్చినవాటికి సున్నా పెట్టమన్నాం. ప్రశ్నపత్రం మీద హాల్‌టికెట్ నంబరు తప్ప ఏదీ రాయకూడదన్న నియమాన్ని ఒక సీనియర్ టీచర్ గుర్తుచేశారు. నేర్పిన అలవాటే పబ్లిక్‌లో పిల్లలను ఇన్విజిలేటర్‌తో చీవాట్లు తినిపించేది. టిక్కులు తీసేసి, రెండు ప్రశ్నల అంకెలు మనసులో పెట్టుకోవడంతో సరిపెట్టాం. బయటి నుంచి వెళ్ళి పాఠం చెప్పేవాళ్ళు పరీక్ష నియమాలు తెలిసిన టీచర్‌కు తమ పద్ధతి ఒకసారి చూపించుకోవాలి.

రిహార్సల్ మూడుసార్లు చేశాం, వారానికొకటి. మొదటిసారి ‘ర’ నాలుగో నిమిషంలో పెన్ను మూత పెట్టేసింది. లేవనివ్వలేదు, రాయమనీ ఒత్తిడి చేయలేదు. పది నిమిషాలు కూర్చోవడమే ఆ రోజు పని అన్నాం. దడ పెరిగినప్పుడు బయటికి వెళ్ళిపోతే వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే మరుసటిసారి కూడా లేవమంటుంది. కూర్చుని ఉంటే దడ దానంతటదే తగ్గుతుంది, అది కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. మూడోసారికి ఒకటిన్నర జవాబు రాసింది.

మిగతా రెండు కుప్పలు

చదవలేదన్న పదకొండు మందికి పాఠం చెప్పలేదు, చోటు చూపించాం. సాయంత్రం స్పెషల్ క్లాస్ తర్వాత ఇంకో 40 నిమిషాలు ఒక గది తెరిచి ఉంచడానికి హెడ్‌మాస్టర్ ఒప్పుకున్నారు. సబ్జెక్టుకు మూడు పాఠాలు మాత్రం ఎంచుకుని మూసిన పుస్తకం పద్ధతిలోనే నడిపాం. ఏడుగురు నిలిచారు. నలుగురికి సాయంత్రం పనులున్నాయి, వాళ్ళకు ఈ ప్రణాళిక అందలేదు.

ఇంటి మాటల ఎనిమిది మంది కోసం తల్లిదండ్రులను ఆదివారం ఉదయం అరగంట పిలిచాం, ఎందుకంటే పనిరోజు పిలిస్తే కూలి పోతుంది. ఎనిమిది మందినే పిలిస్తే ఎవరు చెప్పారో తెలిసిపోతుంది కాబట్టి అందరినీ రమ్మన్నాం. 22 ఇళ్ళ నుంచి వచ్చారు. ఉపన్యాసం లేదు. పిల్లలు రాసిన ఇంటి మాటల్లో ఎవరివో తెలియని ఆరింటిని బోర్డు మీద రాసి, ‘మీరు చిన్నప్పుడు వీటిలో ఏది విన్నరు?’ అని అడిగాం. మాట అక్కడి నుంచి వాళ్ళే నడిపారు. చివర్లో ఒక్కటే కోరాం. ‘ఎన్ని మార్కులొస్తయ్?’ అనే బదులు ‘ఇయ్యాల ఏ పాఠం మూసి రాసినవ్ బిడ్డా?’ అని అడగమని. మొదటి ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు ఉండదు, రెండోదానికి ఉంటుంది.

ఫాలో-అప్

మంగళవారం సాయంత్రం పది నిమిషాలు, ఎనిమిది వారాలు. నోట్‌బుక్‌లో అర పేజీ: ఈ వారం ఎన్నిసార్లు మూసి రాశావు, ఎన్ని గంటలకు పడుకున్నావు, ఎక్కడ ఆగిపోయావు, రేపు మొదటి పేజీ ఏది. అంతకు మించి అడిగితే రాయరు, అంతకు తగ్గితే ఏమీ తెలియదు.

సంక్రాంతి సెలవులను మేం లెక్కలోకి తీసుకోలేదు. ఊళ్ళకు వెళ్ళి వచ్చేసరికి 14 మందిలో తొమ్మిది మంది మళ్ళీ గైడు మీద గీతలకు వచ్చేశారు. మొదటి మంగళవారం మందలింపు లేకుండా, సెలవులకు ముందు రాసిన ఒక పేజీనే మళ్ళీ రాయించాం. సగం గుర్తుంది. ఆ సగమే వాళ్ళను మళ్ళీ దారిలో పెట్టింది. ఇప్పుడు సెలవులకు ముందే రోజుకో పేజీ చొప్పున ఐదు పేజీల చీటీ ఇస్తున్నాం, అంతే.

ఫిబ్రవరి ప్రీ-ఫైనల్ గణితంలో ముందే లేచినవాళ్ళు ఐదుగురి నుంచి ఇద్దరికి తగ్గారు. 14 మందిలో తొమ్మిది మంది చివరి బెల్ దాకా రాశారు. ఇద్దరు ‘మళ్ళీ పోయింది’ అనే రాశారు. పోల్చడానికి వేరే సెక్షన్ లేదు. స్పెషల్ క్లాసుల ప్రభావమూ ఇందులో ఉంటుంది. కాబట్టి ఈ అంకెలను ఇంతకు మించి లాగడం లేదు. మారని ఇద్దరిలో ఒకరికి చదవడంలోనే ఇబ్బంది ఉన్నట్టు తేలింది. అక్షరాలు తారుమారవుతున్నాయి, పేపరంతా ఒకసారి చదవడానికే పావుగంట పడుతోంది. ఆ పిల్లవాడికి మా పది నిమిషాల వరస మొదటి మెట్టులోనే విరిగింది. పరీక్షించి ధ్రువీకరిస్తే అదనపు సమయం కోరే వీలుంటుంది, కానీ ఫిబ్రవరిలో తెలిస్తే ఆ కాగితాలు పూర్తయ్యే సమయం ఉండదు. అందుకే ఇప్పుడు మొదటి చీటీల వారంలోనే ప్రతి ఒక్కరి చేత ఒక పేరా పైకి చదివిస్తున్నాం.

పబ్లిక్ రోజుల కోసం విడిగా చెప్పినవి రెండే. ఉదయం హాల్ గేటు దగ్గర కొత్త పేజీ తెరవొద్దు, రాని జవాబు ఒక్కటి కనబడినా దడ అక్కడే మొదలవుతుంది. పరీక్ష అయ్యాక గేటు బయట జవాబులు సరిచూసుకోవద్దు, ఫోన్లలో తిరిగే కీ చూడొద్దు. రెండోది చాలామంది పాటించలేదు. ‘ర’ కూడా చూసింది, గణితంలో రెండు బిట్లు పోయాయని లెక్కేసుకుని ఆ రాత్రి సరిగా పడుకోలేదు. పిల్లలు ఎలాగూ చూస్తారని ఒప్పుకుని, తర్వాతి బ్యాచ్‌కు ‘ఆఖరి పరీక్ష అయ్యాక అందరం కలిసి చూద్దాం’ అని తేదీ ఇచ్చాం. వద్దనడం కన్నా అది మెరుగ్గా నడిచింది.

ఫాలో-అప్ పరీక్షలతో ఆగకూడదు. ఫలితాలొచ్చే రోజే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. ముందే ముగ్గురు టీచర్లు పిల్లలను 12 మంది చొప్పున పంచుకున్నారు. ఫలితం తెలిసిన గంటలోపు ప్రతి ఇంటికీ ఫోన్ వెళ్ళాలి, పాసైనవాళ్ళకు కూడా. ఫెయిలైనవాళ్ళకే చేస్తే ఆ ఫోన్ మోగడమే ఒక తీర్పు అవుతుంది. ఇద్దరు ఒక్కో సబ్జెక్టులో తప్పారు. ఆ రోజు వాళ్ళతో మార్కుల గురించి మాట్లాడలేదు. ఇంట్లో ఇప్పుడు నీతో ఎవరున్నారు, అన్నం తిన్నావా అని అడిగాం. సప్లిమెంటరీ ఫీజు గడువు మర్నాడు ఇంటికి వెళ్ళి చెప్పాం, వెళ్ళేటప్పుడు వాళ్ళ సంచిలో మిగిలిపోయిన పాత కాగితాలను తీసి పెట్టమన్నాం. ఒకరివి దొరికాయి, పదహారు పేజీలు. రెండో ఇంట్లో వాటిని పాత పేపర్లతో కలిపి అమ్మేశారు. అతనితో మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.